నూట ముప్పై ఆరు నిమిషాల లెక్క

ఒక శాఖా కార్యాలయంలో ఉదయం 9:38కి నెట్‌వర్క్ పడిపోయింది. 11:54కి తిరిగి లేచింది. మధ్యలో పోయినవి 136 నిమిషాలు. ఆ కార్యాలయం హోసూరులో, సిప్‌కాట్ పారిశ్రామికవాడకు దగ్గర్లో ఉంది. దాని నెట్‌వర్క్ చూసుకునే ఇంజనీర్లు ఉండేది కృష్ణగిరిలో, 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు యాభై కిలోమీటర్ల దూరాన. ఆ ఘటన మీద వాళ్ళు తొమ్మిది పేజీల నివేదిక రాసుకున్నారు. సంస్థ పేరూ మనుషుల పేర్లూ బయటపెట్టకూడదన్న షరతు మీద నన్ను చదవనిచ్చారు.

ఈ పనిలో ఉన్నవాడిగా ఇలాంటి నివేదికలు చాలానే చదివాను. స్విచ్‌లో లూప్ వచ్చింది, కేబుల్ తీసేశాం, ఇకమీదట జాగ్రత్తగా ఉంటాం అన్నంతటితో చాలావాటి పని అయిపోతుంది. ఈ నివేదికలో మాత్రం ప్రతి మాటకూ ఆధారం ఉంది. చివర్లో చెప్పిన ప్రతి నివారణ చర్యా ఆ 136 నిమిషాల్లో ఫలానా నిమిషాలను మిగల్చడానికి పుట్టింది. ఆ పనితనాన్ని దగ్గరగా చూపించాలని ఈ పరిచయం రాస్తున్నాను.

లూప్ ఏం చేసింది

ముందు ఆ కార్యాలయం అమరిక తెలియాలి. రెండు అంతస్తులు, అంతస్తుకొక 24 పోర్టుల స్విచ్. కింది స్విచ్‌లో 24వ పోర్టుకు రౌటర్, 23వ పోర్టుకు పై అంతస్తు స్విచ్ తగిలించి ఉన్నాయి. పై అంతస్తులో ఒక శిక్షణ గది ఉంది. అందులో పది కంప్యూటర్లు, గోడకు రెండే నెట్‌వర్క్ సాకెట్లు. అందుకని ఎప్పుడో బల్ల కింద ఒక చిన్న ఎనిమిది పోర్టుల స్విచ్ పెట్టారు. ఏ సెట్టింగులూ లేని, కొట్లో దొరికే మామూలు రకం. అది పై అంతస్తు స్విచ్‌లో 14వ పోర్టుకు వెళ్తుంది.

ఆ ఉదయం గది సర్దుతున్నప్పుడు బల్ల కింద ఒక కేబుల్ కొన ఊడి వేలాడుతూ కనిపించింది. రెండో కొన ఆ చిన్న స్విచ్‌లోనే ఉంది. వేలాడే కొనను ఎవరో అదే స్విచ్‌లో ఖాళీగా ఉన్న రంధ్రంలో పెట్టారు. జరిగిందంతా అంతే.

ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు ఆయుష్షు లెక్క ఉండదు. ఐపీ ప్యాకెట్‌లోనైతే టీటీఎల్ అనే అంకె ఉంటుంది, ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా అది ఒకటి తగ్గి, సున్నా అయితే ప్యాకెట్ చచ్చిపోతుంది. స్విచ్‌ల మధ్య తిరిగే ఫ్రేమ్‌కు అలాంటిదేమీ లేదు. ఒక కంప్యూటర్ ‘రౌటర్ ఎవరు?’ అని అందరినీ అడుగుతూ ఒక బ్రాడ్‌కాస్ట్ పంపితే, స్విచ్ దాన్ని వచ్చిన పోర్టు తప్ప అన్నిటి నుంచీ బయటికి పంపుతుంది. చిన్న స్విచ్‌లో ఆ కేబుల్ ఒక కొన నుంచి వెళ్ళిన ఫ్రేమ్ రెండో కొన నుంచి కొత్తదానిలా లోపలికి వస్తుంది, మళ్ళీ అన్ని పోర్టులకూ పోతుంది. పై స్విచ్‌కు ఒక ప్రతి వెనక్కి వెళ్తుంది, ఒక ప్రతి కేబుల్‌లో తిరుగుతూనే ఉంటుంది. 100 మెగాబిట్ల లింకు మీద అతి చిన్న ఫ్రేములు సెకనుకు 1,48,809 దాకా పడతాయి. ఇంజనీరు వచ్చాక పది సెకన్ల తేడాతో రెండుసార్లు కౌంటర్ చూసి తీసిన వేగం సెకనుకు సుమారు 1,31,000. మామూలు రోజుల్లో అక్కడ బ్రాడ్‌కాస్ట్‌లు సెకనుకు వందలోపే. రెండు అంకెలనూ నివేదిక పక్కపక్కనే ఇచ్చింది. ‘ట్రాఫిక్ విపరీతంగా పెరిగింది’ అన్న మాట తొమ్మిది పేజీల్లో ఒక్కచోటా లేదు.

అయితే ఆ రద్దీ ఒక్కటే ఆఫీసును ఆపలేదు. నివేదిక ఇంకో మెట్టు లోపలికి వెళ్ళింది. స్విచ్ ఏ చిరునామా ఏ పోర్టు వైపు ఉందో, అక్కడి నుంచి వచ్చిన ఫ్రేములను చూసి నేర్చుకుంటుంది. రౌటర్ పంపిన బ్రాడ్‌కాస్ట్ లూప్‌లో తిరిగి 14వ పోర్టు నుంచి వెనక్కి వచ్చేసరికి, రౌటర్ శిక్షణ గదిలో ఉందని పై స్విచ్ నమ్మింది. కింది స్విచ్ కూడా రౌటర్ 23వ పోర్టు వైపు ఉందని నమ్మింది. కాబట్టి కింది అంతస్తులో, లూప్‌తో ఏ సంబంధమూ లేని కంప్యూటర్లు రౌటర్‌కని పంపిన మామూలు ఫ్రేములు కూడా పైకి, ఆ బల్ల కిందికి వెళ్ళిపోయాయి. శిక్షణ గదిలో పెట్టిన కేబుల్‌కు కింది అంతస్తు లెక్కల విభాగం ఎందుకు ఆగిందో ఈ ఒక్క పేరా చదివితే నెట్‌వర్క్ తెలియని మేనేజరుకు కూడా అర్థమవుతుంది.

గడియారాలను కలిపిన తీరు

ఈ నివేదికలో నాకు అన్నిటికన్నా నచ్చింది కాలక్రమం. నిమిషాల వారీ పట్టిక ఎవరైనా రాస్తారు. ఆ నిమిషాలు ఎక్కడివి, ఏ గడియారంవి అన్నది చాలామంది చెప్పరు.

స్విచ్‌లకు సరైన సమయం అందించే ఎన్టీపీ అమరిక అక్కడ లేదు. అలాంటి స్విచ్ కరెంటు వచ్చిన క్షణాన్ని 1993 మార్చి 1గా మొదలుపెట్టి లెక్కేసుకుంటుంది. కాబట్టి కింది స్విచ్‌లో దొరికిన మొదటి సాక్ష్యం ఇలా ఉంది:

```
*Mar 29 22:14:07.512: %SW_MATM-4-MACFLAP_NOTIF:
Host 0000.5e00.5301 in vlan 1 is flapping
between port Gi1/0/23 and port Gi1/0/24
```

రౌటర్ చిరునామా 23వ పోర్టుకూ 24వ పోర్టుకూ మధ్య ఊగిసలాడుతోందని ఇది చెప్పింది. ముందున్న నక్షత్రం గుర్తు ఈ సమయాన్ని నమ్మవద్దని స్విచ్ తానే చేసిన హెచ్చరిక. ఈ వరుసను చూసి ‘రాత్రి పదింటికి మొదలైంది’ అని రాసేసిన నివేదికలు నేను చూశాను. కృష్ణగిరి ఇంజనీరు ఆ పని చేయలేదు. సైట్‌లో ఉండగానే `show clock` కొట్టి, అదే క్షణంలో తన ఫోన్ గడియారం చూసి రెండూ రాసిపెట్టుకున్నారు. ఫోన్‌లో 11:40:00 అయినప్పుడు స్విచ్‌లో మార్చి 30, 00:15:42. మొదటి సాక్ష్యానికీ ఈ క్షణానికీ స్విచ్ గడియారంలో తేడా 2 గంటల 1 నిమిషం 35 సెకన్లు. 11:40:00లోంచి అంత తీసేస్తే 9:38:25. ఘటన మొదలైన సమయం అది. ఈ తీసివేతను నివేదిక మొత్తంగా చూపించింది, చదివేవాళ్ళు తామే సరిచూసుకోవచ్చు.

కాలక్రమంలో ప్రతి వరుస పక్కనా ఆ సమయం ఎక్కడిదో రాశారు. స్విచ్ లాగ్, ఇంజనీరు ఫోన్ కాల్ జాబితా, ఇంటర్నెట్ కంపెనీ ఫిర్యాదు రసీదు, లేదా ‘సిబ్బంది జ్ఞాపకం’. జ్ఞాపకం మీద ఆధారపడిన సమయాలకు ముందు ‘సుమారు’ చేర్చారు. పై అంతస్తు స్విచ్ మొదటి గంట లాగ్ లేదని, ఎందుకు లేదో కూడా రాశారు. దాన్ని మధ్యలో ఒకసారి ఆపి మళ్ళీ వేశారు. లాగ్ ఉండేది తాత్కాలిక మెమరీలో కాబట్టి కరెంటుతో పాటే పోయింది. కింది స్విచ్ లాగ్ మిగలడానికి ఎవరో ఎప్పుడో దాని బఫర్‌ను పెంచి ఉంచడం కారణం. లేకపోతే వందల హెచ్చరికల కింద మొదటిది చెరిగిపోయేది. ‘ఇది మన ఏర్పాటు వల్ల మిగలలేదు, అదృష్టం వల్ల మిగిలింది’ అని నివేదిక ఒప్పుకుంది. తర్వాత ఆ అదృష్టాన్ని నివారణ చర్యల్లో ఒక నియమంగా మార్చింది.

తప్పుదారిని కూడా దాచలేదు

కాలక్రమం సారాంశం ఇది. 9:41కి హోసూరు నుంచి మొదటి ఫోన్, నెట్ లేదని. టేబుల్ మీది ఫోన్లు కూడా అదే నెట్‌వర్క్ మీద నడుస్తాయి కాబట్టి ఆ కాల్ ఒకరి సొంత మొబైల్ నుంచి వచ్చింది. 9:47కి కృష్ణగిరిలోని పర్యవేక్షణ తెర ‘శాఖ రౌటర్ జవాబివ్వడం లేదు’ అని చూపింది. అది చూసి ఇంటర్నెట్ లైను తెగిందనుకున్నారు. 9:50కి ఇంటర్నెట్ కంపెనీకి ఫిర్యాదు వెళ్ళింది, 9:55కి రౌటర్‌ను ఆపి మళ్ళీ వేయించారు, లాభం లేకపోయింది. 10:20కి కంపెనీ నుంచి జవాబు వచ్చింది, తమ లైను తమ పరికరం దాకా బాగానే ఉందని. 10:24కి ఇంజనీరు కృష్ణగిరిలో బండెక్కారు. 11:35కి హోసూరు చేరారు. 11:54కి పని అయిపోయింది.

లైను తెగిందన్న మొదటి అనుమానం తప్పని ఇప్పుడు తెలుసు. దాన్ని చాలామంది నివేదికలోంచి తీసేస్తారు, లేదా ఒక్క ముక్కలో దాటేస్తారు. ఇక్కడ ఆ అనుమానం ఎందుకు సహేతుకంగా కనిపించిందో ఒక పేరా రాశారు. పర్యవేక్షణ యంత్రం హోసూరులో అడిగేది రౌటర్‌నొక్కదాన్నే. ఫ్రేముల వరదను విప్పి చూడడంలోనే రౌటర్ ప్రాసెసర్ శక్తి అంతా అయిపోయి పింగ్‌కు జవాబివ్వలేకపోయింది. లైను తెగినా, రౌటర్ చచ్చినా, లోపల లూప్ ఉన్నా కృష్ణగిరి తెర మీద కనిపించేది ఒకటే ఎరుపు చుక్క. కాబట్టి లోపం చూసిన మనిషిది కాదని, చూపించిన తెరదని నివేదిక తేల్చింది. అక్కడి నుంచి ఒక నివారణ చర్య పుట్టింది. ఇంటర్నెట్ కంపెనీ వైపు చిరునామాను కూడా వేరుగా పింగ్ చేయాలి. అది జవాబిస్తూ శాఖ రౌటర్ మాత్రం జవాబివ్వకపోతే వెతకాల్సింది లోపలే.

ఇంకో చిన్న వరుస ఉంది, నేను రెండుమూడుసార్లు చదివాను. సుమారు 10:31కి హోసూరు సిబ్బందిలో ఒకరు పై అంతస్తు స్విచ్‌ను ఆపి మళ్ళీ వేశారు. ఆ తర్వాత ఫోన్‌లో అన్న మాటను ఉన్నదున్నట్టు పెట్టారు: “కింద వచ్చిందన్నా... ఆఁ, మళ్ళీ పోయింది.” స్విచ్ పూర్తిగా లేవడానికి పట్టిన నాలుగు నిమిషాలు కింది అంతస్తులో అన్నీ నడిచాయి. లోపం పై అంతస్తులో ఉందని ఆ నాలుగు నిమిషాలే చెప్పాయి. అప్పుడు ఇంజనీరు బండిలో ఉన్నారు, ఆ మాటలోని సాక్ష్యం పట్టుబడలేదు. ‘ఇక్కడ పై అంతస్తు కేబుల్ తీయమని చెప్పి ఉంటే కింది అంతస్తు 10:35కల్లా పనిలో పడేది’ అని నివేదిక రాసింది. కింది అంతస్తు నిజంగా లేచింది 11:44కి. తేడా 69 నిమిషాలు. తామే పొందలేకపోయిన ఈ లాభాన్ని ఇంత కచ్చితంగా లెక్కవేసి పెట్టడం నాకు గొప్పగా అనిపించింది. రేపు ఫోన్ ఎత్తేవాళ్ళకు పనికొచ్చే ఒక ప్రశ్న దీనివల్ల దొరికింది: ఏదైనా ఆపినప్పుడు ఇంకోచోట ఏమైనా లేచిందా?

సైట్‌లో చేసిన పని పాఠ్యపుస్తకంలా ఉంది. స్విచ్‌ల ముందు నిలబడగానే అన్ని పోర్టుల లైట్లూ ఒకే లయలో ఆగకుండా మినుకుమంటున్నాయి. మామూలు పనిలో ఒక్కో లైటు దాని దారిన అది వెలుగుతుంది, అన్నీ కలిసి వెలిగితే బ్రాడ్‌కాస్ట్ వరదనే అనుమానించాలి. నెట్‌వర్క్ ద్వారా స్విచ్‌లోకి వెళ్ళడం కుదరదు కాబట్టి 11:38కి కన్సోల్ కేబుల్ పెట్టారు. పైన చూసిన హెచ్చరిక 23వ పోర్టును చూపింది. 11:44కి ఆ కేబుల్ లాగగానే కింది అంతస్తు లేచింది. పైకి వెళ్ళి అక్కడి కన్సోల్‌లో చూస్తే 14వ పోర్టు. 11:54కి ఆ పోర్టుకు `shutdown` ఇచ్చారు. గోడ సాకెట్ నంబరు పట్టుకుని శిక్షణ గదికి వెళ్ళి 12:10కి బల్ల కింద కేబుల్ చూశారు. దాన్ని తీసేముందు ఫొటో తీశారు. ఆ ఫొటో నివేదికలో ఉంది, చిన్న స్విచ్ మూడో పోర్టు నుంచి నాలుగో పోర్టుకు వంగిన నీలం కేబుల్.

కారణం దగ్గర ఆగకుండా

ఇక్కడ చాలా నివేదికలు ముగుస్తాయి. కేబుల్ పెట్టిన మనిషే కారణమని రాసి సంతకం పెడతారు. ఈ నివేదిక ఆ మనిషి పేరు రాయలేదు, ఏ విభాగమో కూడా రాయలేదు. వేలాడే కొనను ఖాళీ రంధ్రంలో పెట్టడం చక్కబెట్టాలన్న ఉద్దేశంతో ఎవరైనా చేసే పనే అని ఒక వాక్యంలో చెప్పి, అసలు ప్రశ్నకు వెళ్ళింది. ఇలాంటి కేబుల్‌ను స్విచ్ తానే పట్టుకోవాలి కదా, ఎందుకు పట్టుకోలేదు?

లూప్‌లను పట్టుకునే ఏర్పాటు నలభై ఏళ్ళ నాటిది. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ పద్ధతిని రూపొందించారు. స్విచ్‌లు రెండేసి సెకన్లకు బీపీడీయూ అనే చిన్న సందేశాలు పంపుకుంటాయి, వాటిని బట్టి లూప్ అయ్యే దారులను మూసేస్తాయి. కంప్యూటర్లు మాత్రమే ఉండాల్సిన పోర్టులకు దానిమీద ఇంకో కాపలా పెట్టవచ్చు, దాని పేరు బీపీడీయూ గార్డ్. అలాంటి పోర్టులోకి బీపీడీయూ వచ్చిందంటే అవతల ఉండకూడనిది ఉందని అర్థం, స్విచ్ ఆ పోర్టును వెంటనే మూసేస్తుంది. శిక్షణ గది లూప్‌లో పై స్విచ్ పంపిన బీపీడీయూ తిరిగి దానికే వచ్చి ఉండాలి, 14వ పోర్టు మూసుకుపోయి ఉండాలి. ఆ పోర్టు అమరిక తీసి చూస్తే జవాబు దొరికింది:

```
interface GigabitEthernet1/0/14
 switchport mode access
 spanning-tree portfast
 spanning-tree bpdufilter enable
```

చివరి వరుస ఆ పోర్టులో బీపీడీయూలు పంపడాన్నీ వినడాన్నీ ఆపేస్తుంది. లూప్‌ను కనిపెట్టాల్సిన సందేశమే బయల్దేరకపోతే కనిపెట్టేదేముంటుంది? ఆ వరుస ఎప్పుడు వచ్చిందో కృష్ణగిరిలో నెలనెలా తీసి దాచిన పాత అమరికల్లో వెతికారు. రెండు వరుస నెలల ప్రతుల మధ్య అది వచ్చింది, అంతకుముందు అదే చోట `bpduguard` ఉంది. అదే నెల ఫిర్యాదుల పుస్తకంలో శిక్షణ గది పోర్టు మాటిమాటికీ ఆగిపోతోందని మూడు ఫిర్యాదులు ఉన్నాయి. అంటే గార్డ్ అప్పుడు తన పని తాను చేసింది. పోర్టు ఎందుకు మూసిందో చెప్పే సందేశం మాత్రం స్విచ్ లోపలే ఉండిపోయింది, మనుషులకు చేరింది ఇబ్బంది ఒక్కటే. ఇబ్బంది పోగొట్టడానికి ఎవరో ఫిల్టర్ పెట్టారు, ఫిర్యాదులు ఆగాయి. ఆ పెట్టినవాళ్ళ పేరు కూడా నివేదికలో లేదు. మూలకారణంగా రాసింది ఇది: కాపలా ఇచ్చిన హెచ్చరిక మనుషులకు చేరే దారి లేకపోవడం, కాపలా తీసేసినప్పుడు ఎవరూ సరిచూడకపోవడం.

దీన్ని ఊహగా వదలలేదు. ఆ బల్ల కింది చిన్న స్విచ్‌ను కృష్ణగిరికి తెచ్చి, అదే మోడల్ ఖాళీ స్విచ్‌కు తగిలించి, నాలుగు రకాలుగా లూప్ పెట్టి చూశారు. ఫిల్టర్ ఉన్నట్టే ఉంచితే క్షణంలో వరద మొదలై, కేబుల్ లాగేదాకా ఆగలేదు. ఫిల్టర్ తీసి గార్డ్ పెడితే రెండు సెకన్లలోపే పోర్టు మూసుకుంది. మూడోది చాలామందికి కొత్త సంగతి: ఫిల్టర్ తీయకుండా గార్డ్ కలిపితే గార్డ్ పనిచేయలేదు, ఎందుకంటే ఒకే పోర్టులో రెండూ ఉంటే ఫిల్టర్‌దే పైచేయి. నాలుగో పరీక్షలో ఫిల్టర్ ఉంచి, బ్రాడ్‌కాస్ట్‌ల వేగానికి హద్దు పెట్టే స్టార్మ్ కంట్రోల్ ఒక్కటే జోడించారు. రెండో సెకనులో పోర్టు మూసుకుంది.

నాలుగో పరీక్ష ఎందుకో నివేదిక వివరించింది. ఈ చిన్న స్విచ్ బీపీడీయూలను అటూ ఇటూ పోనిస్తుంది, అందుకే గార్డ్ పనిచేసింది. కానీ బీపీడీయూలను మింగేసే చిన్న స్విచ్‌లు కూడా మార్కెట్‌లో ఉన్నాయి. వాటిలో లూప్ వస్తే గార్డ్‌కు ఏమీ తెలియదు. ఈ రెండింటిలో అక్కడ పట్టుకోగలిగేది ట్రాఫిక్ వేగాన్ని చూసే స్టార్మ్ కంట్రోల్ మాత్రమే.

నిమిషాలకు జవాబులు

నివారణ చర్యల పేజీ పైన ఒక చిన్న కూడిక ఉంది. 136 నిమిషాల్లో 46 నిమిషాలు కారణం తెలియక పోయాయి, 9:38 నుంచి 10:24 దాకా. 71 నిమిషాలు దారిలో పోయాయి. సైట్‌లో వెతికి బాగుచేయడానికి పట్టింది 19. మరి ఎక్కువ శ్రద్ధ ఎక్కడ పెట్టాలో ఈ కూడికే చెబుతుంది. 19 నిమిషాలను పదికి తగ్గించే శిక్షణ వల్ల లాభం తక్కువ, 71 నిమిషాల ప్రయాణం అవసరమే లేకుండా చేయడం వల్ల ఎక్కువ.

మొదటి చర్య లూప్ వచ్చినా ఒక పోర్టు దాటకుండా చూడడం. కింది స్విచ్‌కు రాసిన అమరిక ఇది:

```
spanning-tree portfast bpduguard default
interface range GigabitEthernet1/0/1 - 22
 no spanning-tree bpdufilter
 storm-control broadcast level pps 1k
 storm-control action shutdown
```

సెకనుకు వెయ్యి అన్న హద్దును ఊరికే ఎంచలేదు. వారం రోజులు కొలిచి, అత్యధికంగా సెకనుకు 200 దాటలేదని చూసి, దానికి ఐదింతలు పెట్టారు. హద్దు మరీ దగ్గరగా పెడితే కరెంటు పోయి వచ్చి అన్ని కంప్యూటర్లూ ఒకేసారి లేచిన ఉదయం మంచి పోర్టులు కూడా మూసుకుపోతాయి. అప్పుడు మళ్ళీ ఎవరో విసిగి కాపలా తీసేస్తారు. పాత కథ అలాగే మొదలైందని నివేదిక మర్చిపోలేదు.

రెండో చర్య ఆ 71 నిమిషాల మీద. హోసూరు స్విచ్‌ల కన్సోల్ తీగలను ఒక చిన్న పెట్టెకు కలిపి, దానికి మొబైల్ సిమ్ పెట్టారు. ఆఫీసు నెట్‌వర్క్ పూర్తిగా పడిపోయినా కృష్ణగిరి నుంచి స్విచ్‌లోకి వెళ్ళి పోర్టు మూయవచ్చు. దాంతో పాటు ఎన్టీపీ, పెద్ద లాగ్ బఫర్, కృష్ణగిరి సర్వర్‌కు లాగ్‌ల ప్రతి. వరద సమయంలో ఆ ప్రతి చేరకపోవచ్చు కనుక బఫర్ కూడా ఉండాలని కారణం చెప్పారు. పోర్టు మూసుకున్నప్పుడు ఇంజనీరు ఫోన్‌కు సందేశం వెళ్ళేలా చేశారు, కాపలా హెచ్చరిక మనుషులకు చేరడానికి.

మూడోది స్విచ్‌ల పెట్టె తలుపు మీద అంటించిన కాగితం. హోసూరులో ఒకే గదిలో తమిళం, తెలుగు, కన్నడం మాట్లాడేవాళ్ళు కూర్చుంటారు. కాగితం ఆ మూడు భాషల్లోనూ ఇంగ్లీషులోనూ ఉంది. అందులో నాలుగే మాటలు: స్విచ్‌ను ఆపవద్దు, లైట్ల వీడియో ఇరవై సెకన్లు తీయండి, ఈ నంబరుకు పంపండి, చెప్పినప్పుడు పసుపు రిబ్బన్ కట్టిన కేబుల్ లాగండి. ఆ పసుపు రిబ్బన్ రెండు అంతస్తులను కలిపే కేబుల్‌కు కట్టారు. 10:31 నాటి నాలుగు నిమిషాలు ఇంకోసారి వృథా కాకుండా చేసిన ఏర్పాటు అది.

చేయకూడదని నిర్ణయించుకున్న చర్యను కూడా నివేదిక రాసింది. చిన్న స్విచ్‌లను నిషేధించాలని ఒకరు సూచించారు. పది కంప్యూటర్లకు రెండు సాకెట్లున్న గదిలో నిషేధం పెడితే చిన్న స్విచ్ బల్ల కింద నుంచి బీరువా వెనక్కి వెళ్తుందని, ఇంజనీర్లకు తెలియకుండా పోతుందని కారణం రాసి దాన్ని తోసిపుచ్చారు. బదులుగా శిక్షణ గదికి పన్నెండు సాకెట్లు వేయించారు.

ప్రతి చర్య పక్కనా మూడు గడులున్నాయి: బాధ్యత ఎవరిది, ఏ తేదీకి, పనిచేస్తుందని ఎలా రుజువు చేస్తాం. మూడో గడి వల్లే ఒక శనివారం సాయంత్రం అందరూ వెళ్ళాక హోసూరులో మళ్ళీ అదే లూప్‌ను కావాలని పెట్టారు. పోర్టు రెండు సెకన్లలో మూసుకుంది, సందేశం కృష్ణగిరికి వచ్చింది, మిగతా ఆఫీసులో ఒక పరీక్ష ఫోన్ కాల్ తెగకుండా నడిచింది. ఆ పరీక్షలోనే ఇంకో సంగతి తేలింది. మూసిన పోర్టు 300 సెకన్లకు దానంతటదే తెరుచుకునేలా అమర్చారు. కేబుల్ ఇంకా ఉంటే అది మళ్ళీ మూసుకుంటుంది, ఐదు నిమిషాలకొకసారి సందేశం వస్తూనే ఉంటుంది. ఆ క్రమం చూస్తే అవతల లూప్ ఇంకా ఉందని గుర్తుపట్టవచ్చని అనుబంధంలో చేర్చారు.

ఒక లోటు, ఒక పోలిక

నాకు లోటుగా కనిపించింది ఒకటుంది. కంప్యూటర్లు, టేబుల్ ఫోన్లు, నిఘా కెమెరాలు అన్నీ ఒకే వీల్యాన్‌లో ఉన్నాయి, లాగ్‌లోని `vlan 1` అదే చెబుతోంది. వాటిని విడదీసి ఉంటే శిక్షణ గది వరద ఫోన్ల చిరునామాలను చెరిపేది కాదు. నివేదిక దీన్ని గుర్తించి ‘తర్వాతి ఆర్థిక సంవత్సరానికి’ అని వాయిదా వేసింది. అప్పటిదాకా మిగిలే ప్రమాదం ఎంతో అంకెల్లో చెప్పలేదు. మిగతా పేజీలన్నీ అంత కొలిచి రాసిన చేతుల నుంచి ఈ ఒక్క పేరా కొలత లేకుండా రావడం తెలిసిపోతుంది.

ఇలా రాయడం ఎందుకు పనికొస్తుందో చూపించే పెద్ద ఉదాహరణ ఒకటి 2002 నవంబరులో బోస్టన్‌లో జరిగింది. బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ స్పానింగ్ ట్రీ తట్టుకోగల పరిమితి దాటి పెరిగిపోయి, లూప్‌లలో చిక్కి సుమారు నాలుగు రోజులు పడిపోయింది. డాక్టర్లు, నర్సులు కాగితాల మీదికి మళ్ళారు. ఆ ఆసుపత్రి సమాచార విభాగం అధిపతి జాన్ హలమ్కా ఏం జరిగిందో, ఏ నిర్ణయాలు తప్పాయో బహిరంగంగా చెప్పారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నెట్‌వర్క్ ఇంజనీర్లు దాన్ని చదువుతున్నారంటే కారణం ఆ వివరాలే. హోసూరు ఘటన దాని ముందు చాలా చిన్నది, కానీ రాసిన తీరు ఆ జాతిదే.

ఈ నివేదిక చదివినవాళ్ళు తమ శాఖల్లో ఇవాళే చేయగల పని ఒకటుంది. ప్రతి స్విచ్‌లో ఈ వరుస కొట్టి చూడండి:

```
show running-config | include bpdufilter
```

ఏమీ రాకపోతే మంచిదే. ఏదైనా వరుస వస్తే, అది తీయడానికి ముందు ఎందుకు పెట్టారో పాత అమరికల్లో, ఫిర్యాదుల్లో వెతకండి. ఆ పోర్టు అవతల ఎవరికో తీరని ఇబ్బంది ఒకటి ఉండి ఉంటుంది. ముందు దాన్ని తీర్చండి, తర్వాత ఫిల్టర్ తీసి గార్డ్ పెట్టండి. కృష్ణగిరివాళ్ళు అదే వరసలో చేశారు. పన్నెండు సాకెట్లు ముందు వేయించి, అమరిక ఆ తర్వాత మార్చారు. నివేదిక రాసేనాటికి ఆ శిక్షణ గది నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు, కాపలాను తీసేయాల్సిన అవసరమూ ఎవరికీ కలగలేదు.